గుడి రసీదుతో ట్యాక్స్ తగ్గుతుందా?

ప్రశ్న: కావలి నుంచి అమెరికా వచ్చి చదువుకుంటున్నాను. గుడికి, తెలుగు సంఘానికి ఇచ్చిన డబ్బుకు రసీదులున్నాయి. వాటి మీద ‘ట్యాక్స్ ఎగ్జెంప్ట్’ అని ఉంది. వేరే దేశం నుంచి వచ్చిన నా రూమ్మేటు తన దానాల్ని రిటర్నులో రాసుకుంటాడట, నన్నూ రాసుకోమంటున్నాడు. ఈ డబ్బు ట్యాక్స్‌లో తిరిగొస్తుందా?

తమ్ముడూ, ఆ మాట గుడి గురించి, నీ గురించి కాదు. తన ఆదాయం మీద గుడి పన్ను కట్టనక్కర్లేదని దానర్థం. ఇచ్చినవాడికి మినహాయింపు దొరకడం వేరే సంగతి. సాధారణంగా అమెరికా పన్ను చట్టంలోని 501(c)(3) కింద ఉన్న సంస్థలకిచ్చిన దానానికి అది దొరుకుతుంది. 501(c)(7) కింద నడిచే క్లబ్బు కూడా పన్ను కట్టని సంస్థే, కానీ దానికిచ్చిన చందాకు నీకు పైసా మినహాయింపు రాదు. తెలుగు సంఘాల పేర్లన్నీ ఒకేలా ఉంటాయి గనక రసీదు మీద సంస్థ గుర్తింపు నంబరు, అంటే తొమ్మిదంకెల EIN చూసి, apps.irs.gov/app/eos లో కొట్టు. వరసగా మూడేళ్లు ఐఆర్ఎస్‌కు లెక్కలు పంపని సంస్థకు హోదా తనంతట తానే పోతుంది. అలాంటివి అక్కడే Auto-Revocation List లో కనిపిస్తాయి. గుళ్లు, చర్చిలు దరఖాస్తు పెట్టకుండానే ఈ హోదాలో ఉండొచ్చు. అందుకని జాబితాలో లేనంత మాత్రాన గుడిని అనుమానించక్కర్లేదు, ఆఫీసులో అడిగితే చెప్తారు.

ఇక అసలు సంగతికొద్దాం. F-1 మీద ఉన్నవాళ్లు మామూలుగా మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కలో నాన్‌రెసిడెంట్లు, వేయాల్సిన ఫారం 1040-NR. ఖర్చుల లెక్క చూపకుండానే ఆదాయంలోంచి తీసేసుకునే నిర్ణీత మొత్తం, అంటే స్టాండర్డ్ డిడక్షన్, నాన్‌రెసిడెంట్లకు ఉండదు. మన విద్యార్థులకు మాత్రం భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21(2) అధికరణం వల్ల అది దొరుకుతుంది. 2025 ఆదాయానికి ఒంటరివాళ్లకు అది 15,750 డాలర్లు. చైనావాళ్లకో నేపాల్‌వాళ్లకో ఇది లేదు. వాళ్లు దానాల్ని, ఖర్చులు విడివిడిగా చూపించే Schedule A లో రాసుకుంటారు. నీ రూమ్మేటు చెప్పిన సలహా నీకు సరిపోకపోవడానికి కారణం అదే. రెండూ కలిపి వాడుకోవడం కుదరదు. స్టాండర్డ్ తీసుకుంటే దానాల లెక్క పక్కనపెట్టాల్సిందే.

ఓపీటీ మీద 2025లో 50,000 డాలర్లు సంపాదించిన కుర్రాణ్ణి తీసుకుందాం. జీతంలో స్టేట్ ట్యాక్స్ 2,200 కోశారు. గుడికి 501 ఇచ్చాడు. 501(c)(3) కింద ఉన్న తెలుగు సంఘం ఉగాది విందుకు 100 డాలర్ల టికెట్ కొన్నాడు. ఆ భోజనం ఖరీదు 40 గనక దానం కింద లెక్కకొచ్చేది 60 మాత్రమే. యాక్సిడెంట్ అయిన స్నేహితుడి పేరుమీద ఆన్‌లైన్‌లో పోగేసిన డబ్బులో 150 వేశాడు. అది ఒక మనిషికి ఇచ్చింది గనక లెక్కకు రాదు. ఊళ్లో రామాలయం జీర్ణోద్ధరణకు నాన్నగారి ద్వారా పంపిన ఇరవై వేల రూపాయలూ అంతే, మన ఊరి ట్రస్టు అమెరికా చట్టం కింద అర్హమైన సంస్థ కాదు.

Schedule A లో స్టేట్ ట్యాక్స్ కూడా రాసుకోవచ్చు గనక 2,200, 501, 60 మొత్తం కలిపితే 2,761 డాలర్లు. స్టాండర్డ్ వదిలేసి దీన్ని రాసుకుంటే, పన్ను పడే ఆదాయం 34,250 బదులు 47,239 అవుతుంది. ఆ తేడా మీద 12 శాతం చొప్పున సుమారు 1,560 డాలర్లు ఎక్కువ కట్టాలి. రసీదులు వాడుకుందామని పోతే జేబుకు పడే చిల్లు అంత. క్యాంపస్ ఉద్యోగంలో తొమ్మిది వేలొచ్చే విద్యార్థికైతే కట్టాల్సిన ఫెడరల్ పన్నే సున్నా, ఇంక తగ్గడానికేముంది?

రెసిడెంట్లకు చేసిన సాఫ్ట్‌వేర్‌లో 1040 వేసేసి, అక్కడ దానాల గడి కనిపించిందని నింపేసేవాళ్లు చాలామంది. చిక్కంతా ఆ ఫారంతోనే, రసీదులతో కాదు. తర్వాత సవరణ వేసుకోవాల్సి వస్తుంది. 1040-NR లో స్టాండర్డ్ తీసుకునేటప్పుడు ఒప్పందం ప్రకారం తీసుకుంటున్నట్టు రాయడం మరిచిపోకు.

రసీదులు దాచుకునే అలవాటు మాత్రం మానొద్దు. రేపు రెసిడెంట్‌వై, ఇల్లు కొని ఖర్చులు విడివిడిగా రాసుకునే రోజున, ఆ ఏటి రసీదులు కావాల్సొస్తాయి. ఏ ఏడు దానాలు ఆ ఏడువే చెల్లుతాయి గనక అలవాటు ఇప్పుడే చేసుకోవాలి. 250 డాలర్లు గానీ అంతకు మించి గానీ ఒకేసారి ఇస్తే బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక్కటే చాలదు. బదులుగా ఏమైనా ఇచ్చారా లేదా అన్న మాటతో సంస్థ రాసిచ్చిన కాగితం, రిటర్ను వేయకముందే చేతిలో ఉండాలి. చాలా గుళ్లు జనవరిలో మెయిల్ చేస్తాయి, వాళ్ల దగ్గర నీ మెయిల్ సరిగా ఉందో లేదో చూసుకో. 2026 నుంచి స్టాండర్డ్ తీసుకునే రెసిడెంట్లు కూడా, ఒంటరైతే, అర్హమైన సంస్థలకు డబ్బు రూపంలో ఇచ్చిన దానంలో 1,000 డాలర్ల వరకు తగ్గించుకోవచ్చు.

రామాలయం డబ్బు సంగతి మిగిలింది. ఆ ట్రస్టుకు ఇండియాలో దానాలకు పన్ను మినహాయింపునిచ్చే 80జి ఉండి, రసీదు నాన్నగారి పేరున, డబ్బు ఆయన ఖాతా నుంచి వెళ్తే, ఆయన పాత పన్ను విధానంలో ఉన్నప్పుడు అక్కడ కొంత కలిసొస్తుంది. కొత్త విధానంలో 80జి లేదు. రెండు వేల రూపాయలు దాటిన నగదుకు ఏ విధానంలోనూ రాదు, కాబట్టి హుండీలో వేయకుండా బ్యాంకు ద్వారానే కట్టమని చెప్పు.