సర్వే మెయిల్: తెరవాలా వద్దా అన్నది ఇన్‌బాక్స్‌లోనే తేలుతుంది

ప్రశ్న: మాది విజయవాడలో వాటర్ ప్యూరిఫయర్ల సర్వీస్ షాపు. పని ఎలా ఉందో తెలుసుకుందామని 400 మంది కస్టమర్లకు గూగుల్ ఫామ్ లింకుతో మెయిల్ పంపాం. సబ్జెక్ట్‌లో ‘కస్టమర్ శాటిస్‌ఫాక్షన్ సర్వే - మీ అమూల్యమైన అభిప్రాయం తెలియజేయగలరు’ అని పెట్టాం. ‘కొద్ది నిమిషాలే పడుతుంది’ అని కూడా రాశాం. 11 మందే జవాబిచ్చారు. ఎలా మార్చి రాయాలండీ?

జవాబు: ఆ మెయిల్‌ను ముందు మీ ఫోన్‌కే పంపుకోండి. తెరవకుండా ఇన్‌బాక్స్‌లో చూడండి. అక్కడ కనిపించేవి మూడే: పంపినవాళ్ల పేరు, సబ్జెక్ట్‌లో మొదటి కొన్ని మాటలు, దాని కింద మెయిల్‌లోని మొదటి లైను. మీ సబ్జెక్ట్ చాలా ఫోన్లలో ‘అమూల్యమైన’ దగ్గరికి రాకముందే తెగిపోతుంది. మిగిలిన ముక్కలో మీ షాపు గురించి గానీ, మీరు చేసిన పని గురించి గానీ ఒక్క మాట లేదు. బ్యాంకులు, ఇన్సూరెన్స్ వాళ్లు పంపే మెయిళ్లలో అదీ ఒకటనుకుని పక్కకు తోసేస్తారు.

నేనైతే ఇలా రాస్తాను:

> పంపినవారు: మీ షాపు పేరు
> సబ్జెక్ట్: ఫిల్టర్ మార్చిన పని ఎలా ఉంది?
> మొదటి లైను: 7 ప్రశ్నలు, 3-4 నిమిషాలు. ఆదివారం లోపు చెప్పండి.

‘పని బాగుందా?’ అని మాత్రం అడగకండి. బాగుందన్నవాళ్లే తెరుస్తారు. మీకు ఎక్కువ కావాల్సింది లీకేజీతో విసిగిపోయినవాళ్ల మాట. ఇక మొదటి లైను. మామూలు జీమెయిల్‌లో ఆ లైనుకు విడిగా గడి ఉండదు, మెయిల్ ఎలా మొదలైతే అదే కనిపిస్తుంది. ‘ప్రియమైన వినియోగదారులకు నమస్కారం, మా సంస్థ గత...’ అని మొదలుపెడితే ఆ విలువైన చోటు కాస్తా పోయినట్టే. నమస్కారం రెండో లైనులో చెప్పినా మర్యాదకు లోటేం ఉండదు.

ఇప్పుడు టైమ్ సంగతి. ‘కొద్ది నిమిషాలు’ అంటే ఎవరూ నమ్మరు. అలాగని ఊహించి ఒక అంకె వేయడమూ తప్పే. ఫామ్‌ను ఇంతవరకు చూడని ఐదుగురిని పట్టుకోండి. వాళ్ల ఫోన్లలోనే చేయమనండి. లింకు నొక్కినప్పటి నుంచి చివరి బటన్ నొక్కేదాకా స్టాప్‌వాచ్ పెట్టండి. ఉదాహరణకు 2:10, 2:35, 2:50, 3:20, 5:05 వచ్చాయనుకోండి. మధ్యలో ఉన్నది 2:50. అయినా ‘3 నిమిషాలు’ అనకుండా ‘3-4 నిమిషాలు’ అనండి, అప్పుడు నాలుగో మనిషి కూడా అందులోకి వస్తాడు. ఐదో మనిషికి ఎందుకంత పట్టిందో పక్కనే కూర్చుని చూడండి. చాలాసార్లు అది ‘మీ సూచనలు రాయండి’ దగ్గరే. ఫోన్‌లో తెలుగు టైప్ చేయడం పెద్దవాళ్లకు కష్టం. ఆ ప్రశ్నకు `Required` తీసేసి, ‘ఇష్టమైతేనే’ అని రాయండి.

తక్కువ టైమ్ చెప్పి లోపలికి రప్పిస్తే నష్టం మీకే. ఆ మధ్య నాకు ఒక సర్వీస్ సెంటర్ నుంచి ‘2 నిమిషాలే’ అని సర్వే వచ్చింది. నాలుగో పేజీకి వచ్చినా ఇంకా ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి. అప్పటిదాకా ఓపికగా నింపినదంతా వదిలేసి బయటికొచ్చాను. గూగుల్ ఫామ్‌లో అలా మధ్యలో వదిలేసినవాళ్ల జవాబులు మీకు అసలు చేరవు. ఎంతమంది వదిలేశారో కూడా మీకు తెలియదు.

ఫామ్ సెట్టింగుల్లో ఇంకొకటి చూసుకోండి. `Limit to 1 response` ఆన్‌లో ఉంటే గూగుల్ ఖాతాతో లాగిన్ అవ్వమంటుంది. పాస్‌వర్డ్ గుర్తులేనివాళ్లు అక్కడి నుంచే వెనక్కి వెళ్లిపోతారు, మీరు చెప్పిన 3-4 నిమిషాల లెక్కా తప్పుతుంది. మీ సర్వేకు అది అక్కర్లేదు, ఆపేయండి. ఒకరిద్దరు రెండుసార్లు నింపినా పెద్ద ఇబ్బంది లేదు.

కొత్త మెయిల్ పనిచేసిందో లేదో ‘ఎంతమంది తెరిచారు’ అన్న అంకెతో తేల్చకండి. మెయిల్ పంపే సర్వీసులు ఆ అంకె చూపిస్తాయి గానీ, 2021 నుంచి ఆపిల్ మెయిల్‌లో ప్రైవసీ సదుపాయం ఆన్‌లో ఉన్నవాళ్ల విషయంలో, మనిషి చూడకపోయినా తెరిచినట్టే లెక్కలోకి వస్తుంది. ఫామ్‌లోకి వచ్చిన జవాబులే లెక్కపెట్టండి. మీ పాత అంకె ఎలాగూ ఉంది, 400లో 11.

నాలుగైదు రోజుల తర్వాత ఒక్కసారి గుర్తుచేయండి. ఎవరు నింపారో మీకు తెలియదు కాబట్టి అందరికీ పంపాల్సిందే. అందుకని దాని మొదటి లైను ‘ఇప్పటికే చెప్పి ఉంటే థాంక్స్, ఈ మెయిల్ వదిలేయండి’ అని పెట్టండి.