పంచాంగంలో ఒక సమయం, వెబ్‌సైట్‌లో మరో సమయం

“2025 సెప్టెంబరు 7 చంద్రగ్రహణానికి వెబ్‌సైట్‌లో రాత్రి 8:58 అని, పంచాంగంలో 9:57 అని ఉంది. సూతకం దేని నుంచి లెక్కపెట్టాలి?”

రెండూ సరైనవే. వెబ్‌సైట్ చెప్పింది ఉపచ్ఛాయ మొదలైన క్షణం, పంచాంగం చెప్పింది ప్రచ్ఛాయ, అంటే భూమి చిక్కని నీడ, తాకిన క్షణం.

1. ఉపచ్ఛాయ అంటే భూమి పలుచని నీడ. అందులోకి చంద్రుడు ప్రవేశించినా మొదట్లో కంటికి తేడా తెలియదు. అందుకే సంప్రదాయం దాన్ని లెక్కలోకి తీసుకోదు.

2. అందరూ పొరబడేది ఇక్కడే. వెబ్‌సైట్ పట్టికలో మొదటి వరుసను కాదు, ‘పాక్షిక గ్రహణం ఆరంభం’ అన్న వరుసను చూడండి. చంద్రుడి అంచు నల్లగా కొరికినట్టు కనిపించేది అప్పుడే. అదే స్పర్శ. పాక్షికం ముగిసే అర్ధరాత్రి దాటాక 1:26 మోక్షం. పట్టిక అంతర్జాతీయ సమయంలో ఉంటే 5:30 గంటలు కలపండి.

3. చంద్రగ్రహణానికి సూతకం స్పర్శకు మూడు జాములు, అంటే తొమ్మిది గంటల ముందు. 9:57 నుంచి వెనక్కి లెక్కిస్తే మధ్యాహ్నం 12:57. పిల్లలకు, వృద్ధులకు, రోగులకు సడలింపు ఉంది. వాళ్లను పస్తు ఉంచకండి.

4. అమెరికాలోని మీవాళ్లకు ఆ గ్రహణం కనిపించలేదు కాబట్టి సూతకమూ లేదు.

జ్యోతిషం దీన్ని రాహుగ్రస్తం అంటుంది. ఖగోళ శాస్త్రంలో ఆ రాహువు పాము కాదు, గ్రహమూ కాదు; చంద్రుడి కక్ష్య సూర్యమార్గాన్ని దాటే బిందువు. పంచాంగకర్త గణించేదీ ఆ బిందువునే. రాశిఫలం, భోజన నియమం మాత్రం నమ్మకం. అన్నం చెడగొట్టే శక్తి ఆ నీడకు లేదు.