తల్లి కాగితం

చిరంజీవి అమ్మలుకి,

పర్లాకిమిడి నుంచి మావయ్య ఆశీస్సులు.

నువ్వు రాత్రి పదకొండున్నరకి పంపిన ఏడు ఫైళ్లూ పొద్దున్న కాఫీ తాగుతూ చదివాను. విడివిడిగా చదివితే ఒక్కదాంట్లోనూ తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆహ్వానమైతే ముచ్చటగా ఉంది. ఏడింటినీ ప్రింటు తీసి మంచం మీద పరిచాకే తేడాలు బయటపడ్డాయి. ఆగస్టు 29న బరంపురంలో గిడుగువారి జయంతి సభలు రెండో మూడో జరుగుతున్నాయేమో అనిపించింది. ఆహ్వానంలో సభ సాయంత్రం 5.30కి, అతిథిగారి ఉత్తరంలో 6 గంటలకి, పోలీసు స్టేషన్ దరఖాస్తులో 4 గంటలకి. ఆహ్వానంలో 162వ జయంతి, యాంకర్ స్క్రిప్టులో 163వది. పత్రికలకిచ్చే ప్రకటనలో వ్యాసరచన బహుమతులు ఆరుగురికి, స్క్రిప్టులో పదిమందికి.

నువ్వు అజాగ్రత్త మనిషివని అనను. అన్నీ ఒకే రాత్రి కూర్చుని రాయడం వల్ల వచ్చిన చిక్కిది. మొదటి కాగితం రాసేటప్పుడు మినిట్స్ పుస్తకం చూస్తాం. రెండోది రాసేటప్పుడు మొదటిదాన్ని చూస్తాం. నాలుగోదానికి వచ్చేసరికి దేన్నీ చూడం. ఇప్పుడే కదా రాశాం, గుర్తుంది కదా అనుకుంటాం. రోజుకొకటి రాసి ఉంటే ప్రతిసారీ మళ్లీ వెతుక్కునేదానివి. గుర్తుందన్న ధైర్యం దగ్గరే చెయ్యి జారుతుంది.

అందుకని నేను ఆహ్వానంతో మొదలుపెట్టను. ముందు ఒక కాగితం మీద గీతలు గీసుకుంటాను. దానికి నేను పెట్టుకున్న పేరు తల్లి కాగితం. అది ఎవరికీ పంపేది కాదు, అందులో ఒక్క పూర్తి వాక్యం కూడా ఉండదు. వరసకి ఒక్క సంగతి, అది ఎక్కడి నుంచి వచ్చింది, ఖరారైందా లేదా. అంతే. నీ సభకి రాసుకుంటే ఇలా ఉంటుంది:

తేదీ: 29 ఆగస్టు 2025, శుక్రవారం. క్యాలెండర్ చూశాను. ఖరారు.
హాలు మన చేతిలో ఉండేది: మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 9. రసీదు. ఖరారు.
మైకు: సాయంత్రం 4 నుంచి రాత్రి 9. దరఖాస్తు ఇవ్వాలి.
సభ ప్రారంభం: 5.30. అతిథిగారి రైలును బట్టి మారొచ్చు. ఖరారు కాలేదు.
జయంతి: 162వది. 2025లోంచి 1863 తీసేస్తే వచ్చింది.

ఇక ఏడు కాగితాలూ దీన్ని చూసే రాయాలి. ఒకదాన్ని చూసి ఇంకొకటి రాయకూడదు. ఆహ్వానాన్ని కాపీ చేసి దాన్నే పత్రికా ప్రకటనగా దిద్దుకున్నావని నాకు తెలిసిపోయింది. ‘మీ రాక మాకు ఆనందం’ అనే ముక్క ప్రకటన చివర అలాగే ఉండిపోయింది మరి!

పైన సమయాలు మూడు వరసల్లో ఎందుకు రాశానో చూడు. పోలీసు దరఖాస్తులో నువ్వు రాసిన 4 తప్పు కాదు. మైకు సెట్ చేసి పరీక్షించుకోడానికి ఆ సమయం కావాలి. తప్పల్లా ‘సభ 4 గంటలకు ప్రారంభమవుతుంది’ అని రాయడంలో ఉంది. ‘4 నుంచి 9 వరకు మైకు వాడుకోడానికి అనుమతి కోరుతున్నాం’ అంటే సరిపోయేది. ఇలాంటి చోట కొత్తవాళ్లు మరీ పెద్ద తప్పు చేస్తారు. అంకెలు కలవడం లేదని కంగారుపడి, అన్ని కాగితాల్లోనూ 5.30 పెట్టేస్తారు. అప్పుడు చూడ్డానికి అన్నీ బాగా కలిసినట్టే ఉంటాయి. తీరా ఆ రోజు ఐదున్నర దాకా మైకు పెట్టుకోడానికి అనుమతి ఉండదు, జనం మాత్రం వచ్చి కూర్చుంటారు. అన్నిచోట్లా ఒకే అంకె ఉండక్కర్లేదు. ఏ అంకె దేనిదో చెబితే చాలు.

ఊళ్ల సంగతీ అంతే. ఒకచోట పర్లాకిమిడి గంజాం జిల్లా అన్నావు, ఒకచోట గజపతి జిల్లా అన్నావు. రెండూ నిజమే. 1992 అక్టోబరు 2న గజపతి జిల్లా విడిపోయింది, అంతకుముందు గంజాం. గిడుగువారు ఇక్కడి రాజావారి స్కూల్లో పాఠాలు చెప్పే రోజుల్లో ఒడిశా రాష్ట్రమే లేదు. అది ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. కాబట్టి ఆయన జీవితం చెప్పే వాక్యంలో ‘నేటి గజపతి జిల్లాలోని పర్లాకిమిడి’ అని రాయి. చిరునామా దగ్గర ఉత్త ‘గజపతి జిల్లా’ చాలు. ఇంకొకటి, స్క్రిప్టులో ఆయన ఇక్కడే పుట్టారని రాశావు. పుట్టింది శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో. మన ఊరి మీద ప్రేమ నాకూ ఉంది కానీ, పుట్టుక మాత్రం వాళ్లదే.

జయంతి అంకె దగ్గర రెండు లెక్కలున్నాయి. 1863లో పుట్టారు కాబట్టి 1864 ఆగస్టు 29ని మొదటి జయంతిగా పట్టుకుంటే ఈ ఏడాదిది 162వది. పుట్టిన రోజునే ఒకటిగా లెక్కపెట్టేవాళ్లకి 163 వస్తుంది. ఏది వాడినా దెబ్బలాడను. కానీ వెనక బ్యానర్ మీద ఒకటి ఉండి, మైకులో ఇంకొకటి వినిపిస్తే ముందు వరసలో పెద్దవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారు.

పేర్ల విషయం మన బరంపురం, పర్లాకిమిడి వాళ్లకి ప్రత్యేకమైన తలనొప్పి. ప్రతి పేరూ తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో, మూడు లిపుల్లో తిరుగుతుంది. ఒడియా నోట్లో మన ‘వ’ తరచూ ‘బ’ అవుతుంది. గిడుగు వెంకట రామమూర్తిగారు ఒడియా ప్రకటనలోకి వెళ్లి బెంకట అవుతారు. అది వాళ్ల భాషలో సబబే. కానీ ఆ ఒడియా ప్రకటన చూసి ఎవరైనా మళ్లీ తెలుగులో వార్త రాశారనుకో, ఆ ‘బ’ అలాగే వచ్చేస్తుంది. పైగా నువ్వు ఒక కాగితంలో గిడుగు రామమూర్తి అన్నావు, ఒక దాంట్లో జి.వి. రామమూర్తి, ఇంకో దాంట్లో రామమూర్తి పంతులు. మనకి ముగ్గురూ ఒకరే. ఒడియాలోకి మార్చే అబ్బాయికి ఆ సంగతి తెలియాలని లేదు, పంతులు ఇంటిపేరనుకోవచ్చు. తల్లి కాగితంలో ప్రతి పేరూ మూడు లిపుల్లోనూ ఒక్కసారి రాసి, అతిథుల పేర్లయితే వాళ్లకే వాట్సాప్‌లో పంపి సరిచూపించుకో. ఊరి పేరు కూడా అక్కడే ఖాయం చెయ్యి. తెలుగులో బరంపురం అని రాసుకో, అతిథిగారి టికెట్ కోసం మాత్రం స్టేషన్ కోడ్ BAM అని ఇవ్వు. పశ్చిమ బెంగాల్లోనూ ఇలాగే పలికే ఊరొకటుంది.

ఇక సమయం మారిన సంగతి. రాత్రి తొమ్మిదిన్నరకి అతిథిగారు ఫోన్ చేసి ఆలస్యంగా వస్తానంటే సభ 6కి జరిపానన్నావు. ఆయన ఉత్తరం మార్చావు, ఆహ్వానం మర్చిపోయావు. ఇలాంటప్పుడు ఏ కాగితమూ ముందు ముట్టుకోకు. తల్లి కాగితంలో 5.30 కొట్టేసి 6 రాసి, పక్కన ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో రాయి. ఆ తర్వాతే మిగతావి తెరువు. కంప్యూటర్లో వెతికి ఒకేసారి మార్చేద్దామనుకుంటావేమో. నీ ఫైళ్లలో అదే సమయం ‘5.30’ అని, ‘5:30’ అని, ‘సాయంత్రం ఐదున్నర’ అని మూడు వేషాల్లో ఉంది. ఒకదాన్ని వెతికితే మిగతా రెండూ దొరకవు. అందుకే మొదటి నుంచీ ఒకే రూపంలో రాయాలి. మాటల్లో చదవాల్సింది ఒక్క యాంకర్ స్క్రిప్టే కాబట్టి దాన్ని కళ్లతో చూసుకో.

చివర్లో సరిచూడ్డం కూడా నువ్వు చేసే పద్ధతిలో కుదరదు. ఒక కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివి, తర్వాత రెండోది తీస్తావు. అలా చదివితే వాక్యాలు కనిపిస్తాయి, తేడాలు కనిపించవు. అడ్డంగా చదువు. ముందు ఒక్క సమయం పట్టుకుని ఏడు కాగితాల్లోనూ అదొక్కటే చూసి తల్లి కాగితంలో టిక్కు పెట్టు. తర్వాత తేదీ, వారం. తర్వాత ఒక్కో పేరూ. ఏడు కాగితాలకి నాకు ముప్పావుగంట పట్టింది.

ఇంత చాదస్తం నాకు ఊరికే రాలేదు. చాలా ఏళ్ల క్రితం ఒక సంస్థ ఇచ్చిన సాయంతో మేం సభ చేశాం. మర్నాడు నివేదిక, ఖర్చుల లెక్క, ధన్యవాదాల ఉత్తరం ఒకే పూట కూర్చుని రాసేశాను. నివేదికలో హాజరు 212 అని రాశాను, అది సంతకాల పుస్తకంలోది. భోజనాల బిల్లు 240 ప్లేట్లకి. ఉత్తరంలో మాత్రం ‘సుమారు 300 మంది’ అని ఉత్సాహంగా రాసేశాను. మూడూ ఒకే కవర్లో వెళ్లాయి. మిగతా డబ్బు ఆపేసి వివరణ అడిగారు. నిజానికి 212కీ 240కీ గొడవ లేదు. వంటవాళ్లు, మైకువాళ్లు, కార్యకర్తలు, పిల్లల్ని తెచ్చిన డ్రైవర్లు కలిపి 28 మంది సంతకం పెట్టకుండా తిన్నారు. ఆ ఒక్క వాక్యం నివేదికలో ఉండి ఉంటే సరిపోయేది. ఆ 300కి మాత్రం నా దగ్గర ఏ సమాధానమూ లేదు.

నీ బహుమతుల లెక్క కూడా అలాంటిదే కాబట్టి కాగితం మీద వేసి చూశాను. రెండు విభాగాలు, ఒక్కో దాంట్లో 1,500, 1,000, 500. అంటే విభాగానికి 3,000, రెండింటికీ 6,000, బహుమతులు ఆరు. నీ ఖర్చుల అంచనాలో మాత్రం 7,000 ఉంది. ఆ పైన వెయ్యి, 250 చొప్పున నాలుగు ప్రోత్సాహక బహుమతులైతే సరిగ్గా సరిపోతుంది, స్క్రిప్టులో పదిమందీ నిజమవుతారు. ప్రకటనలో ఆరుగురే తప్పవుతుంది. కానీ ఇది నా ఊహ. ప్రోత్సాహకాలు కమిటీ ఒప్పుకుందో, తర్వాత తీసేసిందో మినిట్స్ పుస్తకంలో ఉంటుంది, లేదా సెక్రటరీగారికి తెలుస్తుంది. లెక్క కుదిరింది కదా అని నువ్వే తేల్చెయ్యకు.

27న చవితి కాబట్టి మండపాల దరఖాస్తులతో స్టేషన్ దగ్గర రద్దీగా ఉంటుంది. మైకు దరఖాస్తు ఒక్కటీ ఇవాళే దిద్ది పట్టుకెళ్లి ఇచ్చెయ్. మిగతా ఆరు కాగితాలూ బహుమతుల సంగతి తేలేదాకా ఎవరికీ పంపకు. సెక్రటరీగారిని అడిగి సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి. మీ అమ్మని అడిగానని చెప్పు.

మావయ్య