ఎంతమందిని అడిగారన్నది కాదు, ఎక్కడ నిలబడి అడిగారన్నది చూడండి

ప్రశ్న: మాల్‌కి వచ్చినవాళ్లని అడిగి సిటీ బస్సుల మీద సర్వే చేస్తే తప్పేంటి? వేలమందిని అడిగితే సరిపోదా?

సరిపోదు. చదువుకునే రోజుల్లో నేను ఇలాంటి సర్వేకే ఫారాలు నింపాను. పార్కింగ్‌కి దిగే లిఫ్టు పక్కన నిలబెట్టారు. "బస్సులు ఎలా ఉన్నాయండీ?" అని అడిగితే కారు తాళం తిప్పుకుంటూ ఒకాయన "బాగానే ఉన్నాయిగా అమ్మా" అన్నాడు. చివరిసారి ఎప్పుడెక్కారంటే ఎప్పుడో కాలేజీకి వెళ్లేటప్పుడట! అయినా ఫారంలో "సంతృప్తి" గడిలో టిక్ పడింది.

పక్కనే నేల తుడుస్తున్నావిడ తనే వచ్చి అడిగింది, ఏం రాస్తున్నావని. చెప్పాను. "తెల్లారుజామున మొదటి బస్సు రాకపోతే ఆటోకే సగం కూలి పోతుంది, అది రాయి" అంది. రాయబోతే సూపర్‌వైజర్ ఆపేశాడు: సిబ్బంది వద్దు, షాపింగ్‌కి వచ్చినవాళ్లే కావాలట. రోజూ బస్సెక్కే మనిషి ఎదురుగా ఉన్నా లెక్కలోకి రాలేదు. నాకిప్పటికీ కోపమే.

ఊహకి ఒక లెక్క వేద్దాం. ఊళ్లో వందలో 60 మంది బస్సెక్కుతారు, 40 మందికి సొంత బండ్లు. బస్సులు పెంచాలనేవాళ్లు బస్సు జనంలో 45 మంది, బండ్లవాళ్లలో 10 మంది అనుకోండి. మొత్తం 55 శాతం. మాల్‌లో అదే వందలో బస్సువాళ్లు 20 మందే ఉంటారు. వాళ్లలో 15, మిగతా 80లో 20, కలిపితే 35 శాతం. ఐదొందల మందిని అడిగినా, యాభై వేలమందిని అడిగినా ఆ 35 చుట్టూనే తిరుగుతుంది. రిపోర్టుల్లో గొప్పగా వేసే "ప్లస్ ఆర్ మైనస్ 3 శాతం" అన్నది యాదృచ్ఛికంగా ఎంచుకున్న వెయ్యిమందికి వర్తించే లెక్క. మాల్ సర్వే కింద అది వేయడం జనాన్ని మోసం చెయ్యడమే.

1936 అమెరికా ఎన్నికల్లో ఒక పత్రిక టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్టర్లు పట్టుకుని ఓటర్లకి ఉత్తరాలు పంపింది. 20 లక్షలకు పైగా జవాబులొచ్చాయి. రూజ్‌వెల్ట్ మీద పోటీచేసిన లాండన్ గెలుస్తాడంది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు.

బస్సువాళ్ల జవాబులకి మూడింతలు, బండ్లవాళ్ల జవాబులకి సగం విలువిచ్చి సరిచేస్తాం అంటారు కొందరు. మాల్‌కొచ్చే బస్సు ప్రయాణికులు ఎక్కువగా తీరికగా, మంచి రూటులో వచ్చినవాళ్లు. తెల్లారుజాము షిఫ్టు మనిషి అందులో ఒక్కరూ లేకపోతే, సున్నాని మూడుతో గుణించినా సున్నాయే.

బస్టాపులో అడిగితే సరిపోతుందా అంటే అదీ చాలదు. రోజూ ఎక్కేవాళ్లే ఎక్కువగా దొరుకుతారు. బస్సు రాక విసిగిపోయి అప్పుచేసి బండి కొన్నవాడు అక్కడ ఉండడు, అసలు అడగాల్సింది అతన్నే. అందుకే ఇళ్ల జాబితా తీసుకుని, చీటీ తీసినట్టు ఇళ్లు ఎంచి తలుపు తట్టాలి. తాళం వేసి ఉంటే పక్కింటికి పోకూడదు, సాయంత్రం మళ్లీ అదే ఇంటికి రావాలి. పగలు ఇంట్లో లేనివాళ్లే బస్సులో ఉంటారు మరి.