హెచ్‌ఆర్‌కి పెట్టే సిక్ లీవ్ మెసేజ్‌లో తప్పేంటి?

కడపకి ఇంటికొచ్చి జ్వరంతో పడుకున్నా. ‘ఐ యామ్ సఫరింగ్ విత్ ఫీవర్ సిన్స్ టూ డేస్, కెనాట్ కమ్ ఆఫీస్ టుడే’ అని హెచ్‌ఆర్‌కి పెట్టొచ్చా?

ఇలా సరిచేస్తే చాలు: ‘ఐ హావ్ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ టూ డేస్ అండ్ కెనాట్ కమ్ టు ది ఆఫీస్ టుడే.’

మనం ‘రెండు దినాల నుంచి జ్వరంగా ఉంది’ అంటాం. తెలుగులో ‘ఉంది’ సరిపోతుంది కాబట్టి చేతికి ‘యామ్’ వచ్చేస్తుంది. ఇంగ్లీషులో అయితే, ముందే మొదలై ఇంకా తగ్గనిదాన్ని ఎన్నాళ్లుగానో చెప్పేటప్పుడు ‘హావ్’ తోడు కావాలి. ‘సఫరింగ్’ వదలకూడదనుకుంటే ‘ఐ హావ్ బీన్ సఫరింగ్ ఫ్రమ్’ అనండి. ‘జ్వరంతో’లోని ‘తో’ చూసి ‘విత్’ వాడతాం కానీ, అక్కడ ‘ఫ్రమ్’ మేలు. ‘ఆఫీసుకి’లోని ‘కి’ కోసం ‘టు’ తప్పనిసరి.

‘నుంచి’ అంటే ఎప్పుడూ ‘సిన్స్’ అనే అపోహ చాలామందికి ఉంది. జ్వరం సోమవారం మొదలై, మీరు బుధవారం రాస్తున్నారనుకోండి. మొదలైన రోజు చెబితే ‘సిన్స్ మండే’, గడిచిన రోజులు లెక్కపెడితే ‘ఫర్ టూ డేస్’.

ఒక్క జాగ్రత్త. ‘హావ్’ వదిలేసి ‘ఐ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ టూ డేస్’ అని పెట్టకండి. జ్వరం వచ్చి తగ్గిపోయిందనే అర్థం వస్తుంది, మరి ఈరోజు లీవు ఎందుకని అడుగుతారు.