75 సెట్ చేస్తే నీళ్లు మరిగిపోతున్నాయి, ఎందుకు?

ప్రశ్న: మాది గాజువాక ఆటోనగర్లో చిన్న వర్క్‌షాప్ అండి. స్పేర్ పార్టులు కడగడానికి 100 లీటర్ల ట్యాంకు, 6 కిలోవాట్ల హీటర్ ఉంది, ఆర్డుయినోలో పీఐడీ నేనే రాసుకున్నా. Kp 10, Ki 0.01, అవుట్‌పుట్ 0 నుంచి 100 శాతం. పొద్దున్న 30 డిగ్రీల నీళ్లతో ఆన్ చేసి 75 పెడితే మరిగే దాకా పోతోంది. ఇంకోటి, మాన్యువల్లో 30 శాతం పెట్టి అరగంట తర్వాత ఆటోకి మారిస్తే హీటర్ ఒక్కసారి ఫుల్లుకి పోతోంది. ట్యూనింగ్ తప్పా?

జవాబు: ట్యూనింగ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి, రెండు సమస్యలకీ మూలం ఐ భాగమే, దాన్ని అడ్డూ అదుపూ లేకుండా పెరగనిస్తున్నారు.

లెక్క చూడండి. 100 లీటర్లని 45 డిగ్రీలు పెంచాలంటే 6 కిలోవాట్లకి, బయటికి పోయే వేడి కలపకుండానే, 52 నిమిషాలు పడుతుంది. అంతసేపూ హీటర్ ఫుల్లోనే ఉంది, అంతకంటే ఇవ్వలేదు, కానీ ఎర్రర్ ఇంకా ఉంది కదా అని ఐ మాత్రం కూడుకుంటూనే పోతుంది. సగటు ఎర్రర్ 22.5 అనుకుంటే 22.5 × 3140 సెకన్లు × 0.01, అంటే 75కి చేరేసరికి ఐ దగ్గర దగ్గర 700 శాతం! ఇదే వైండప్. 75 దాటాక పీ మైనస్‌లోకి వెళ్లినా ఆ 700 ముందు అది ఏ మూలకి, 100 డిగ్రీల దగ్గర కూడా పీ మైనస్ 250 అయితే ఐ ఇంకా 490 దాకా ఉంటుంది, అందుకే నీళ్లు మరుగుతున్నా ఇంకో తొమ్మిది పది నిమిషాలు హీటర్ ఫుల్లోనే కొడుతుంది.

చాలామంది చెప్పే చిట్కా ఐని 0–100 మధ్య కట్టేయడం. మరగడం ఆగుతుంది గానీ 75కి చేరేటప్పుడు ఐ 100 దగ్గరే కూర్చుని ఉంటుంది కాబట్టి ఇంకా నాలుగైదు డిగ్రీలు పైకి పోతుంది. నేనైతే కండిషనల్ ఇంటిగ్రేషన్ పెట్టమంటాను, అంటే అవుట్‌పుట్ 100కి తగిలి ఉండి ఎర్రర్ ఇంకా పైకే తోస్తుంటే ఐకి కలపడం ఆపేయాలి, కింద 0 దగ్గరా అంతే. మీ Kp 10తో 65 డిగ్రీల దాకా పీ ఒక్కటే 100 దాటేసి ఉంటుంది, ఐ సున్నా దగ్గరే ఆగి చివరి పది డిగ్రీల్లోనే పని మొదలుపెడుతుంది.

బ్యాక్ కాలిక్యులేషన్ అని ఇంకో పద్ధతి ఉంది, లెక్కలో వచ్చిన అవుట్‌పుట్‌కీ నిజంగా బయటికి వెళ్లినదానికీ ఉన్న తేడాని తీసుకుని ఐని మెల్లగా వెనక్కి లాగుతుంది, నెమ్మదిగా కదిలే వాల్వుల్లాంటి వాటికి అది బాగుంటుంది, మీ హీటర్‌కి అంత అక్కర్లేదు.

ఇక మాన్యువల్ సంగతి. మీరు 30 శాతం పెట్టి, నీళ్లు 71 దగ్గర నిలబడి ఉన్నాయనుకోండి, వెనక పీఐడీ లెక్క ఆగలేదు. ఎర్రర్ 4, అరగంటలో ఐకి 4 × 1800 × 0.01 అంటే 72 చేరింది, పీ 40, మొత్తం 112, మారిస్తే ఫుల్లుకి పోక ఏం చేస్తుంది! మాన్యువల్లో ఉన్నంతసేపూ ప్రతి సైకిల్లో ఐని `out - P` గా రాసుకుంటూ ఉండాలి. ఇక్కడ 30 − 40, అంటే ఐ మైనస్ 10, ఆటోకి మార్చిన క్షణాన 40 − 10 కలిపి మళ్లీ 30యే వస్తుంది, హీటర్‌కి తేడాయే తెలీదు. ఐని 0 దగ్గర కట్టేస్తే ఈ మైనస్ 10 దొరకదు, అవుట్‌పుట్ 40కి ఎగురుతుంది.

```
e = sp - pv;
P = Kp * e;
if (manual) {
  out = manOut;
  I = out - P;
} else {
  u = P + I;
  if (!((u >= 100 && e > 0) || (u <= 0 && e < 0)))
    I += Ki * e * dt;
  out = constrain(P + I, 0, 100);
}
```

`dt` సెకన్లలో ఉండాలి. ఆటో నుంచి మాన్యువల్‌కి వచ్చేటప్పుడు బటన్ నొక్కగానే `manOut = out` అని ఒకసారి రాసేయండి, అటువైపు కూడా కుదుపు ఉండదు.

రెడీమేడ్ `PID_v1` లైబ్రరీ వాడేవాళ్లకి ఒక మాట: ఆటోకి మార్చినప్పుడు అది ఐలో అవుట్‌పుట్‌నే పెడుతుంది, పీని తీసేయదు, కాబట్టి ఆ క్షణాన ఎర్రర్ 4 ఉంటే, Kp 10తో, 40 శాతం గెంతు వస్తుంది. మీ సొంత కోడే నయం.

ఒక్క పరిమితి ఉంది. చల్లటి ట్యాంకు మీద మాన్యువల్ 30 నుంచి ఆటోకి మారిస్తే అవుట్‌పుట్ వెంటనే 100 కాదు, మూడు నిమిషాలకి పైగా పట్టి మెల్లగా ఎక్కుతుంది, అది తప్పు కాదు, కుదుపు లేకుండా మారడమంటే అదే. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు నేరుగా ఆటోలోనే, ఐ సున్నాతో, మొదలుపెట్టండి.

సరిగ్గా పనిచేస్తోందో లేదో సీరియల్ ప్లాటర్లో P, I, out మూడు గీతలూ పక్కపక్కన పెట్టి చూడండి. వేడెక్కేటప్పుడు I గీత 100 దాటి పోతుంటే వైండప్ ఇంకా ఉన్నట్టే, మోడ్ మార్చినప్పుడు out గీత మెట్టులా లేస్తే `I = out - P` లైన్ నడవట్లేదని అర్థం. అన్నట్టు, ఈ ట్యాంకుకి 85 దగ్గర కరెంటు కట్ చేసే విడి థర్మోస్టాట్ ఒకటి, కాంటాక్టర్ ద్వారా, తప్పకుండా పెట్టించండి. సాలిడ్ స్టేట్ రిలే చెడిపోతే ఎక్కువగా ఆన్‌లోనే అతుక్కుపోతుంది, అప్పుడు కోడ్ 0 ఇచ్చినా హీటర్ ఆగదు.