నలభై ఐదేళ్ల మేనల్లుడికి పదిహేనేళ్ల లెక్క

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన లెక్క చూశాను. చేతికొచ్చే 90 వేలలో ఇంటి ఈఎంఐ 24 వేలు, కారుది 11, క్రెడిట్ కార్డు వాయిదాలు 9, చీటీ 8, ఇంటి ఖర్చు 38. మిగిలేది ఏమీ లేదు. పీఎఫ్‌లో 6 లక్షలున్నాయి.

ముందు కార్డు సంగతి చూడు. ఏడాదికి 36 నుంచి 42 శాతం వడ్డీ పడే అప్పు నెత్తిన పెట్టుకుని ఎక్కడ పొదుపు చేసినా నష్టమే. ఈ నెల చీటీ పాడుకుని ఆ బాకీ మొత్తం కట్టెయ్. అప్పుడు మిగిలే 9 వేలకు ఇంకో వెయ్యి కలిపి ఇండెక్స్ ఫండ్‌లో సిప్ మొదలుపెట్టు. జీతం పడిన మర్నాడే కట్ అయ్యేలా తేదీ పెట్టుకో. ఏటా 10 శాతం పెంచుతూ పో. కారు వాయిదా అయిపోయాక ఆ 11 వేలు ఏడాదిపాటు వేరే ఖాతాలో వెయ్. అది లేకపోతే ఆస్పత్రి బిల్లు రాగానే మళ్లీ కార్డు గీకుతావు.

ఏటా 10 శాతం రాబడి వస్తుందనుకుంటే ఆ సిప్ 60 ఏళ్లకు దాదాపు 74 లక్షలవుతుంది. వస్తుందన్న గ్యారంటీ లేదు, లెక్క కోసం అనుకుంటున్నాం. పీఎఫ్‌లో ఇప్పుడున్నదీ, ఇకపై జీతంలోంచి నెలనెలా జమయ్యేదీ కలిపితే సుమారు కోటీ 24 లక్షలు. వినడానికి పెద్ద మొత్తమే. కానీ పిల్లల చదువులు, ఇంటి లోను పోగా మీ ఇద్దరికీ ఈరోజు 30 వేలు కావాలనుకో. ధరలు ఏటా 6 శాతం పెరిగితే అప్పటికది నెలకు 72 వేలు. రిటైరయ్యాక 7 శాతం వడ్డీ వచ్చినా ఆ డబ్బు నీ 75వ ఏటికి అయిపోతుంది.

అందుకే ఖర్చు మీద ఇంత పట్టుబడుతున్నాను. నెలకు 6 వేలు తగ్గించి అదీ సిప్‌లో వేస్తే, ఏటా పెంచకపోయినా ఇంకో 25 లక్షలు చేరతాయి. రేపటి అవసరం కూడా 72 వేల నుంచి 58 వేలకు దిగుతుంది. రెండూ కలిసి ఆ డబ్బును నీ 84వ ఏటి దాకా లాగుతాయి. జీతం పెంచుకుంటే ఒకవైపే లాభం, ఖర్చు తగ్గిస్తే రెండువైపులా.

మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు ప్రింటు తీసి అమ్మాయీ నువ్వూ కూర్చోండి. యూపీఐలో పోయిన 200, 350 అన్నీ వరుసగా కూడండి. ఆదివారం ఆర్డర్లు, వాడని సబ్‌స్క్రిప్షన్లు, ఫంక్షన్ల చదివింపులు అక్కడే బయటపడతాయి. కూరగాయల దగ్గర, పిల్లల పాల దగ్గర మాత్రం కోయకండి, అది నెల కూడా నిలవదు.

అబ్బాయి ఇంజినీరింగ్‌కు పీఎఫ్ తీస్తానన్నావు. ఆ పని చెయ్యకు. ఆ 6 లక్షలే 8 శాతం వడ్డీతో 15 ఏళ్లలో 19 లక్షలవుతాయి. వాడి పేరు మీద విద్యారుణం తీసుకో, ఉద్యోగం వచ్చాక వాడే కట్టుకుంటాడు. నీ ముసలితనానికి మాత్రం ఏ బ్యాంకూ లోను ఇవ్వదు.

చీటీ పాట ఎంతకు వచ్చిందో ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య